బాగుందన్నారు సరే, ఎలా ఉంది?

పోయిన మాఘమాసంలో పెళ్లికని రాజమండ్రి వెళ్లాం. రైలు దిగేసరికి తెల్లవారుజాము ఐదున్నర. ముహూర్తం పదింటికి. ఈలోగా మావయ్యగారు మందులు వేసుకోవాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. పైనా కిందా పళ్లసెట్టు. కారం తగిలితే దగ్గు అందుకుంటుంది. మోకాళ్ల నొప్పులతో నిలబడి తినలేరు. "దగ్గర్లో మెత్తటి ఇడ్లీ దొరికే హోటలేదైనా ఉందేమో నీ ఫోన్లో చూడమ్మా" అన్నారు.

చూశాను. స్టేషను చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లు బోలెడున్నాయి. ఒకదానికి నాలుగు స్టార్ల పైనే ఉన్నాయి, రివ్యూలు వందల్లో ఉన్నాయి. పైనుంచి చదువుకుంటూ వచ్చాను. సూపర్. గుడ్. వెరీ గుడ్ టేస్ట్. బాగుంది. వరస్ట్. యావరేజ్. నైస్ ప్లేస్. కేక. అరవై దాకా చదివి ఉంటాను. కూర్చోటానికి కుర్చీలున్నాయా, ఇడ్లీ మెత్తగా ఉంటుందా, చట్నీలో కారం ఏపాటి? ఈ మూడింట్లో ఒక్కదానికీ జవాబు దొరకలేదు. అంతమంది అక్కడ తిన్నవాళ్లే, తీరిక చేసుకుని రాసినవాళ్లే. కానీ వాళ్లు తిన్నదేమిటో నాకు తెలియలేదు.

ఇంకాస్త కిందకి వెళితే ఒకటి కనిపించింది. "లోపల నాలుగు బల్లలే. ఏడు దాటితే నిలబడి తినాల్సిందే. ఇడ్లీ మెత్తన, నోట్లో వేసుకుంటే విడిపోతుంది. కారప్పొడి అడక్కుండానే పైన చల్లేస్తారు, వద్దనుకుంటే ముందే చెప్పాలి. పల్లీ చట్నీ కారం తక్కువ, అల్లం చట్నీ బాగా ఘాటు." అంతే. ఆ రివ్యూ ఇచ్చినాయన మూడే స్టార్లు ఇచ్చాడు. నాకు మాత్రం ఆ మూడు స్టార్ల మనిషే దారి చూపించాడు. ఆరింటికల్లా వెళ్లాం, బల్ల దొరికింది, కారప్పొడి వద్దన్నాం. మావయ్యగారు రెండు ఇడ్లీలు తిని మందులు వేసుకున్నారు.

అప్పట్నించీ రివ్యూలు చదివే తీరు, రాసే తీరు రెండూ మారాయి నాకు. 'బాగుంది' అన్న మాటలో తప్పేమీ లేదు. ఇంట్లో వడ్డించినావిడకి అది చాలు, ఆవిడకి కావలసింది కూడా అదే. కానీ ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ మాటతో ఏం చేసుకుంటారు? మీకు బాగున్నది వాళ్లకీ బాగుంటుందో లేదో తెలియాలంటే, అది ఎలా ఉందో చెప్పాలి కదా.

ఈ తేడాని తిండి పరిశోధనల్లో పనిచేసేవాళ్లు ఎప్పుడో గుర్తించారు. రుచి చూసేవాళ్లను వాళ్లు రెండు రకాలుగా ప్రశ్నిస్తారు, ఆ రెంటినీ కలవనివ్వరు. మొదటిది 'నచ్చిందా?' అన్నది. అమెరికా సైన్యానికి ఆహారం సరఫరా చేసే విభాగంలో 1950 ప్రాంతంలో దీనికోసం 9 మెట్ల కొలత ఒకటి తయారుచేశారు. 'అస్సలు నచ్చలేదు' దగ్గర మొదలై 'ఎంతో నచ్చింది' దగ్గర ముగుస్తుంది. సైనికులు ఏ వంటకం తింటారో, ఏది పారేస్తారో ముందే తెలుసుకోవటానికి అది పుట్టింది. మనం ఫోన్లో నొక్కే స్టార్లు చేసేదీ అదే పని.

రెండోది 'ఎలా ఉంది?' అన్నది. దీనికి జవాబు చెప్పేవాళ్లకు తర్ఫీదు ఇస్తారు. నచ్చిందీ నచ్చనిదీ వాళ్లు చెప్పకూడదు. ఎంత గట్టిగా ఉంది, నమిలితే ఎన్నాళ్లకు నలిగింది, పంటికి అంటుకుందా, ఏ వాసన ముందొచ్చింది, ఏది నాలుక మీద మిగిలింది అన్నవే చెప్పాలి. 1963లో అలీనా షెష్నియాక్ అనే శాస్త్రవేత్త, ఒక పెద్ద ఆహార సంస్థలో పనిచేస్తూ, పంటికింద పదార్థం ఎలా తగులుతుందో చెప్పటానికి కొలతలు ఏర్పరచింది. ఆవిడ అంకెలు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. ఒక్కో అంకెకీ అందరూ తినే వస్తువునొకదాన్ని ముడిపెట్టింది. గట్టితనానికి తొమ్మిది మెట్లుంటే మొదటి మెట్టు మీద వెన్నలాంటి మెత్తటి చీజ్, రెండో మెట్టు మీద ఉడికిన గుడ్డులోని తెల్లసొన, పైకి పోతుంటే వేరుశనగ గింజ, ఆపైన పచ్చి క్యారెట్, దానిపైన మన పల్లీ చిక్కీ లాంటిది, చిట్టచివర పటికబెల్లం ముక్క. 'ఆరు' అంటే వేరుశనగ గింజంత గట్టి అని అందరికీ ఒకేలా అర్థమవుతుంది. మరో ఇరవై ఏళ్ల తర్వాత, 1984లో, కాలిఫోర్నియాలో ఆన్ నోబుల్ అనే ఆచార్యురాలు వైన్ వాసనలకు ఒక చక్రం గీసింది. నిమ్మ, మిరియం, తడిమట్టి, కాల్చిన రొట్టె, ఇలా ముక్కుతో పోల్చుకోగలిగిన మాటలే అందులో ఉంటాయి. 'గొప్పది', 'సొగసైనది' లాంటి మెచ్చుకోళ్లకు అందులో చోటివ్వలేదు. కాఫీ రుచి చూసేవాళ్లకూ ఇలాంటి చక్రం ఉంది. అరకు కాఫీ గింజల్ని బేరం చేసేవాళ్లకు అది కొత్తేమీ కాదు.

మనకు అలాంటి చక్రం ఎవరూ గీసివ్వలేదు గానీ, మాటలకు మాత్రం కొదవ లేదు. అన్నం ఒక్కదానికి చూడండి. పలుకుగా ఉంది. పొడిపొడిగా ఉంది. మెత్తగా ఉంది. ముద్దయింది. చిమిడిపోయింది. జావైపోయింది. ఇవన్నీ మెట్లే. పలుకు నుంచి జావ దాకా మన వంటింటి కొలత అది, మనింట్లో పిల్లలకు కూడా తెలుసు. 'రైస్ బాలేదు' అనేవాడు ఈ ఆరింట్లో ఏదో ఒకటి చెప్పబోయి ఆగిపోయినవాడే.

ఈ మాటల్లో నాకు ముచ్చటేసేది ఇంకొకటుంది. చాలా మాటలు ఎలా ఉందో చెబుతూనే ఎందుకలా అయిందో కూడా చెప్పేస్తాయి. 'పచ్చివాసన' అన్నామంటే శనగపిండో, మసాలానో సరిగ్గా వేగలేదని. 'కమరు వాసన' అంటే మంట ఎక్కువై మాడిందని. 'అడుగంటింది' అంటే కలపటం మానేశారని. కూరలో 'నీచు వాసన' అంటే చేపో మాంసమో కడగటంలోనో, మసాలా పట్టించటంలోనో లోపం. హోటలాయన ఆ రివ్యూ చదివితే నేరుగా పొయ్యి దగ్గరకు వెళ్లి ఎవరిని అడగాలో వాళ్లనే అడుగుతాడు. 'టేస్ట్ బాలేదు' అని చదివితే ఎవరిని అడుగుతాడు?

కొన్ని మాటలు పక్కపక్కనే ఉన్నట్టుంటాయి కానీ ఒకదాని బదులు ఒకటి వాడితే ప్రమాదం. 'పులిసింది', 'పాసిపోయింది' అన్నవి అలాంటివి. పిండి పులవటం వంటలో భాగం. దోసెపిండి ఒక పూట ఎక్కువ పులిస్తే దోసె పుల్లగా ఉంటుంది, కొందరికి అదే ఇష్టం. పాసిపోవటం వేరు. చట్నీ పాసిపోయిందంటే చెడిపోయిందని. అది తినకూడదు. ఒక హోటలు గురించి 'సాంబారు పుల్లగా ఉంది, చింతపండు ఎక్కువ' అని రాస్తే రుచి చెప్పినట్టు. 'సాంబారు పాసిపోయింది' అని రాస్తే నేరం మోపినట్టు. ఏది నిజమో నోటికి తెలుస్తుంది, రాసేముందు ఒక్క క్షణం ఆగితే చాలు. పాసిన కొబ్బరి చట్నీకి పులుపుతోబాటు ఒక కంపు ఉంటుంది, తీగ సాగుతుంది, పైన నురగ తేలుతుంది. చింతపండు పులుపుకి ఇవేవీ ఉండవు.

ఇడ్లీకి కూడా ఇలాగే. చేత్తో విరిచి చూడండి. లోపల చిన్నచిన్న గుల్లలు కనిపించి, వేలితో నొక్కితే మళ్లీ పైకి లేస్తే పిండి సరిగ్గా పులిసినట్టు. విరిస్తే రవ్వ రాలుతూ గొంతుకు అడ్డంపడుతుంటే మినప్పప్పు తగ్గించారన్నమాట. ఇంట్లో మనం ఒకటికి రెండు ఇడ్లీరవ్వ వేస్తే, లెక్క చూసుకునే హోటళ్లలో మూడు దాకా పోతుంది. వేళ్లకు జిగురుగా అంటుకుంటే ఉడక్కముందే దించి ఉండొచ్చు. పసుపుపచ్చ ఛాయ వచ్చి, నాలుక చివర సబ్బులాంటి రుచి తగిలితే వంటసోడా ఎక్కువ పడింది. ఇంత వివరం రివ్యూలో అక్కర్లేదు. 'రవ్వరవ్వగా ఉంది, మింగటానికి నీళ్లు కావాలి' అన్న ఒక్క ముక్క ఉంటే చాలు, మావయ్యగారిలాంటి వాళ్లు వేరే హోటలు చూసుకుంటారు.

కారం సంగతి మరీ తిరకాసు. ఒకరికి 'స్పైసీ' అన్నది ఇంకొకరికి చప్పిడి. ఇక్కడ షెష్నియాక్ చేసిన పనే మనమూ చెయ్యాలి. అందరికీ తెలిసిన వస్తువు పక్కన పెట్టాలి. 'ఆవకాయన్నం రోజూ తినేవాణ్ణి, అయినా నాటుకోడి పులుసుతో రెండో ముద్దకే నీళ్లు తాగాను' అంటే తినేవాడి అలవాటూ తెలిసింది, కారమూ తెలిసింది. 'మా ఆరేళ్ల పాప పెరుగు కలపకుండానే తినేసింది' అన్నా అంతే. పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే పెద్ద కబురు.

మొన్నామధ్య మా మరిది హైదరాబాదులో ఒక హోటలు నుంచి బిర్యానీ తెప్పించుకుని, ఒళ్లు మండి రివ్యూ పెట్టాడు. "వరస్ట్ బిర్యానీ. డబ్బు దండగ. ఎవరూ వెళ్లకండి." ఒక స్టారు. నేను హైదరాబాదు వెళ్లినప్పుడు ఫోన్ తీసి చూపిస్తే, అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ అడిగాను.

"ఏం తిన్నావు?"

"చికెన్ దమ్ బిర్యానీ వదినా. సింగిల్."

"అక్కడ తిన్నావా, పార్శిలా?"

"పార్శిలే. తొమ్మిదీ నలభైకి ఆర్డరు పెడితే పదీ ఇరవై అయిదుకి వచ్చింది."

"అన్నం ఎలా ఉంది?"

"ముద్ద." ఆగి ఆలోచించాడు. "అంటే... మొత్తం కాదు. పైన బాగానే విడివిడిగా ఉంది. అడుగున తడి తడిగా ముద్దకట్టింది."

ఇక్కడే అసలు సంగతి బయటపడింది. వేడి బిర్యానీని మూత బిగించిన డబ్బాలో ముప్పావు గంట ఉంచితే, ఆవిరి మూతకి కొట్టి నీళ్లై దిగుతుంది, అడుగున మసాలా తడి ఎటూ ఉంది. అక్కడికక్కడ గిన్నెలోంచి తీసి వడ్డిస్తే ఆ అన్నమే పొడిపొడిగా ఉండేదేమో. అది వంటవాడి తప్పా, డబ్బా తప్పా, దారిలో ట్రాఫిక్ తప్పా అన్నది మా మరిదికి తెలియదు, నాకూ తెలియదు. కానీ 'పార్శిల్, ముప్పావు గంట' అని రాస్తే చదివినవాళ్లు తేల్చుకోగలరు. అక్కడికే వెళ్లి తినబోయేవాడికి ఆ ఫిర్యాదు తగలదు. పార్శిల్ తెప్పించుకునేవాడికి తగులుతుంది.

"ముక్కలో?"

"రెండు ముక్కలు. ఒకటి లెగ్గు, ఎముక నుంచి ఇట్టే ఊడొచ్చింది, మసాలా లోపలిదాకా పట్టింది. రెండోది ఛాతీ ముక్క, పీచులా ఎండిపోయింది. అన్నంలో ఉప్పు లేదు, మసాలాలో మాత్రం ఎక్కువ. రెండూ కలుపుకుని తింటే సరిపోయింది గానీ, విడిగా తింటే ఒకటి చప్పన, ఒకటి ఉప్పన."

"డబ్బు దండగన్నావు, ఎంత?"

"280. నాకొక్కడికే చాల్లేదు."

ఇవన్నీ కలిపి కొత్తగా రాయించాను: "చికెన్ దమ్ బిర్యానీ సింగిల్, 280 రూపాయలు, శుక్రవారం రాత్రి పార్శిల్. ముప్పావు గంటకి వచ్చింది. పైన అన్నం పొడిపొడిగా ఉంది, అడుగున తడికి ముద్దకట్టింది. రెండు ముక్కలు. లెగ్గు మెత్తగా ఉడికి మసాలా పట్టింది, ఛాతీ ముక్క పీచులా ఎండింది. అన్నంలో ఉప్పు తక్కువ, మసాలాలో ఎక్కువ. పెద్ద మనిషికి ఒక్కరికి చాలదు. ఫోన్ చేసి చెబితే క్షమించమన్నారు గానీ వేరేది పంపలేదు." స్టార్లు రెండుకి పెంచాడు.

చదువుకుని, "ఇందులో బాలేదని ఎక్కడా లేదేంటి వదినా?" అన్నాడు.

"చదివినవాళ్లకి తెలుస్తుందిలే" అన్నాను.

నిజానికి ఆ రివ్యూ చదివి అక్కడికి వెళ్లేవాళ్లు కూడా ఉంటారు. లెగ్గు ముక్క మాత్రమే కావాలని అడిగి, అక్కడే కూర్చుని తినేవాళ్లు. మొదట పెట్టిన రివ్యూ అయితే వాళ్లను కూడా వెనక్కి పంపేసేది. మనం రాసిన మాటలకు డబ్బు విలువ ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో హోటళ్ల ఆదాయాన్ని రివ్యూలతో పోల్చి చూసిన మైఖేల్ లూకా అనే ఆర్థికవేత్త, ఒక్క స్టారు పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని 2011లో లెక్క తేల్చాడు. పేరున్న పెద్ద గొలుసు హోటళ్ల మీద ఆ ప్రభావం కనపడలేదు. సొంతంగా నడుపుకునే చిన్న హోటళ్ల మీదే ఉంది. ఒక్క పూట ఛాతీ ముక్క ఎండిందని 'ఎవరూ వెళ్లకండి' అనటం అందుకే నాకు మనసొప్పలేదు.

ఇంకో రివ్యూ తరచూ కనిపిస్తుంది. 'ఇక్కడ తిని ఫుడ్ పాయిజన్ అయింది.' రాసినవాళ్లు నిజంగానే బాధపడి ఉంటారు. కానీ వాంతులు మొదలవగానే మనం చివరిసారి తిన్న చోటునే తిట్టుకుంటాం. ఒంట్లో జరిగేది అలా ఉండదు. స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి విషం అయితే తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు బయటపడుతుంది. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా ఎప్పుడైనా పడొచ్చు. అంటే ఈరోజు మధ్యాహ్నం తిన్న హోటలు మీద పడిన నింద మొన్నటి విందుకు చెందాల్సింది కావచ్చు. కాబట్టి తెలిసిందే రాయాలి: "ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి నలుగురం తిన్నాం. గుడ్డు ఫ్రైడ్‌రైస్ తిన్న ఇద్దరికీ సాయంత్రం నాలుగింటికి వాంతులు. రోటీ తిన్న ఇద్దరికీ ఏమీ కాలేదు." ఇందులో ఎక్కడా పాయిజన్ అన్న మాట లేదు, అయినా వైద్యుడికీ, హోటలుకీ, చదివేవాళ్లకీ కావలసిందంతా ఉంది. ఇలాంటివి రివ్యూతో ఆపకూడదు కూడా. హోటలు గోడకి 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉంటుంది, బిల్లు మీదా ఉండాలి. ఆ నంబరుతో ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫోన్లో పెట్టే రివ్యూని ఆ శాఖవాళ్లు చదువుతారన్న నమ్మకమేమీ పెట్టుకోవద్దు.

వస్తువుల దగ్గరకొచ్చేసరికి లెక్క కొంచెం మారుతుంది. తిండి రివ్యూకి తిన్న పూట చాలు. వస్తువుకి నెలలు కావాలి. కానీ రివ్యూలు ఎప్పుడు రాస్తున్నాం? డబ్బా విప్పిన రోజున. అందుకే 'ప్యాకింగ్ బాగుంది, డెలివరీ ఫాస్ట్, కలర్ సూపర్' అని కనిపిస్తుంది. అది తెచ్చిచ్చిన కుర్రాడికి చెందిన మెప్పు, మిక్సీకి కాదు. ఐదు స్టార్లు మాత్రం మిక్సీ ఖాతాలో పడతాయి.

నేను మా ఇంటికి కొన్న 750 వాట్ల మిక్సీ సంగతే చెబుతాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కొన్న వారంలో అడిగుంటే ఐదు స్టార్లూ ఇచ్చేదాన్ని. నాలుగు నెలలు వాడాక రాశాను. ఏం రాశానంటే: "నలుగురున్న ఇల్లు, రోజూ పావుగంట వాడకం. పావుకిలో మినప్పప్పు నానబెట్టి పెద్ద జారులో వేస్తే ఐదు నిమిషాల్లో నలుగుతుంది, మధ్యలో రెండుసార్లు గరిటెతో కలపాలి. పిండి గోరువెచ్చనవుతుంది, చల్లటి నీళ్లు పోసుకుంటే మేలు. ఎండుమిరపకాయలు బాగా పొడవుతాయి, పసుపుకొమ్ములు నలగవు. తిరుగుతుంటే పక్కగదిలో టీవీ వినపడదు. చిన్న జారు మూత దగ్గర చట్నీ కారుతుంది, మూడో నెలలో వాషరు మార్చినా ఆగలేదు. నాలుగో నెలలో జారు కింద కప్లరు పళ్లు అరిగి జారుతోంది. సర్వీసుకి చెబితే ఆరు రోజులకి వచ్చారు, ఉచితంగా మార్చారు."

దీన్ని రాయటానికి ముందు నేను వాడకం పుస్తకం తీసి చూశాను. అది చాలామంది చెయ్యని పని, నేనూ మొదట చెయ్యలేదు. ఐదు నిమిషాలు తిప్పితే రెండు నిమిషాలు ఆపాలని అందులో ఉంది. పసుపుకొమ్ముల్లాంటి గట్టివి వెయ్యొద్దనీ ఉంది. చూడకపోయి ఉంటే 'పసుపు నలగటం లేదు, చెత్త మోటారు' అని రాసేదాన్ని. మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోతే కాలిపోయిందనుకుని ఒక స్టారు ఇచ్చేవాళ్లు ఎంతమందో. చాలా మిక్సీలకు అడుగున చిన్న ఎర్ర మీట ఒకటుంటుంది. భారం ఎక్కువైనప్పుడు మోటారు కాలకుండా అదే కరెంటు ఆపేస్తుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి నొక్కితే మళ్లీ తిరుగుతుంది. మీట నొక్కాకా తిరగకపోతే, తీగ కాలిన కంపు కొడితే, అప్పుడు రాయాల్సిన మాట వేరు.

బట్టలకైతే గడువు మొదటి ఉతుకు. 'క్లాత్ క్వాలిటీ గుడ్' అన్నది ఇస్త్రీ మడత విప్పినప్పటి మాట. ఉతికాక నీళ్లలో రంగు దిగిందా, చొక్కా చేతులు పొట్టివయ్యాయా, చీర అంచు ముడుచుకుందా, ఇవి రెండు వాక్యాల పని. మీ కొలత కూడా చెప్పాలి. 'సైజు సరిపోయింది' అంటే ఎవరికి? 'ఐదడుగుల రెండంగుళాలు, ఎల్ సైజు, భుజాల దగ్గర వదులు' అంటే అదే ఎత్తున్న ఆడపిల్లకి పనికొస్తుంది.

ఇంత రాస్తే ఎవరు చదువుతారని అడిగేవాళ్లున్నారు. అమెజాన్ రివ్యూల మీద సూసన్ ముదంబి, డేవిడ్ షఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో అచ్చేసిన పరిశీలన ఉంది. వివరంగా ఉన్న రివ్యూలనే కొనేవాళ్లు ఎక్కువగా 'ఉపయోగపడింది' అని గుర్తించారు. వాడి చూస్తే తప్ప తెలియని వస్తువుల విషయంలో అయితే, ఆకాశానికెత్తేసిన రివ్యూల కన్నా, పాతాళానికి తొక్కేసిన వాటి కన్నా, మధ్యస్తంగా ఉన్నవే ఎక్కువ పనికొచ్చాయి. రాజమండ్రిలో ఆ మూడు స్టార్లాయనే నాకు అక్కరకు రావటం చిత్రమేమీ కాదన్నమాట. అలాగని పొడుగుంటే వివరం ఉన్నట్టు కాదు. పది వాక్యాల్లో 'అద్భుతం' అన్న మాటే పది రకాలుగా రాసినవీ ఉన్నాయి. అలాంటివి కొన్ని డబ్బులిచ్చి రాయించినవి కావటం కూడా కద్దు.

అందుకే ప్రభుత్వం 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం ఒకటి తెచ్చింది. రివ్యూలను సేకరించే సంస్థలు, రాసినవాళ్లు నిజమైన మనుషులో కాదో ఎలా సరిచూడాలి, ఎలా ప్రచురించాలి అన్నవి అందులో ఉన్నాయి. పాటించటం మాత్రం అప్పట్లో స్వచ్ఛందమే అన్నారు. అంతకు ముందే 2020 నాటి ఈ-కామర్సు నిబంధనల ప్రకారం అమ్మేవాళ్లు కొనేవాళ్లలా నటించి రివ్యూలు రాయకూడదు. ఇవి ఉన్నా చదివేటప్పుడు మన జాగ్రత్త మనకుండాలి. నేనైతే రివ్యూలో తిన్నవాడు కనిపిస్తున్నాడా అని చూస్తాను. ఏ పూట వెళ్లాడు, ఏం అడిగాడు, ఏది మిగిల్చాడు. అల్లం చట్నీ ఘాటుగా ఉందన్నవాడు ఆ చట్నీ నాకిచూసినవాడే. 'బెస్ట్ హోటల్ ఇన్ టౌన్' అనటానికి ఊళ్లోకి వెళ్లక్కర్లేదు.

ఒక్క హద్దు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఎంత వివరంగా రాసినా, ఒకసారి వెళ్లినవాడు చెప్పగలిగింది ఆ ఒక్క పూట గురించే. ఆ రోజు వంటమాస్టారు సెలవులో ఉండొచ్చు. పెళ్లిళ్ల రోజు కావచ్చు, గ్యాసు అయిపోయి ఉండొచ్చు. 'ఇక్కడ ఎప్పుడూ ఆలస్యమే' అని ఒక్కసారికే రాయకూడదు. 'శనివారం ఎనిమిదింటికి వెళ్లాం, దోసె రావటానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది, బల్లలన్నీ నిండి ఉన్నాయి' అని రాస్తే, మంగళవారం వెళ్లేవాళ్లు వాళ్ల లెక్క వాళ్లు వేసుకుంటారు. 'సర్వీస్ బ్యాడ్' అన్న మాటకి బదులు నిమిషాలు చెప్పటం మంచిది. ముఖం చిట్లించుకున్న సర్వరు పేరు రాయకండి. ఏమడిగితే ఏమన్నాడో రాయండి.

పెళ్లి ముగించుకుని రాజమండ్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు, రైల్లో మావయ్యగారు పక్క సీట్లో కూర్చుని ఉండగా, ఆ హోటలుకి నేనూ రివ్యూ రాద్దామని ఫోన్ తీశాను. ఇడ్లీ సంగతి రాశాను. ఆరింటికే వెళ్లమని రాశాను. లోపలికి పోవాలంటే రెండు మెట్లెక్కాలి, పట్టుకోటానికి ఏమీ లేదని రాశాను. చదివి వినిపిస్తే ఆయన కళ్లజోడు సర్దుకుని అంతా విన్నారు.

"ఇంకొకటి రాయమ్మా" అన్నారు. "వడ మాత్రం పైన గట్టి. పళ్లసెట్టు వాళ్లు సాంబార్లో నానబెట్టుకుని తినాలని రాయి."

రాశాను.